కూర్మయ్య పేరు మీదున్న పని

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద, ఒక ఫర్నిచరు షాపు పై అంతస్తులో అనిత పనిచేసే ఆఫీసు ఉంది. ఆసుపత్రుల్లో చెడిపోయిన యంత్రాలను బాగుచేసే కంపెనీ అది. డయాలసిస్ మిషన్లు, వాటికి శుద్ధమైన నీళ్ళిచ్చే ఆర్.ఓ. ప్లాంట్లు, ఇన్వర్టర్లు, మానిటర్లు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు ఆసుపత్రులన్నిటికీ కలిపి ఆరుగురు టెక్నీషియన్లు. ఎక్కడినుంచైనా ఫోనొస్తే వివరం రాసుకుని, ఆ పనిని ఒకరికి అప్పజెప్పడం అనిత ఉద్యోగం.

చేరిన కొత్తలో ఒక రిజిస్టరు ఉండేది. ఆరు పేర్లు వరసగా రాసి, వచ్చిన పనిని వచ్చినట్టు పంచుకుంటూ పోవడమే. మొదటిది కూర్మయ్యకి, రెండోది గిరిబాబుకి, అలా ఆరోది సుహాసినికి, మళ్ళీ మొదటికి. వంతు ఎవరిదో అందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరూ పేచీ పెట్టేవారు కాదు. కానీ వంతు మనిషిని చూడదు, పనినీ చూడదు. ఒకడి వంతుకి ఊళ్ళోనే పది నిమిషాల పని తగిలేది. ఇంకొకడి వంతుకి ఇచ్ఛాపురం దాకా ప్రయాణం, రెండు రోజుల రిపేరు తగిలేవి. అది తేలకముందే మళ్ళీ వంతు తిరిగొచ్చేది. డయాలసిస్ మిషను లోపల ఏముందో సరిగ్గా తెలియని గిరిబాబు దాని ముందు కూర్చుని, కూర్మయ్యకి గంటలకొద్దీ ఫోను చేసేవాడు. పని గిరిబాబు పేరున పడేది, చేసింది మాత్రం ఇద్దరూ.

కూర్మయ్యకి నలభై ఎనిమిదేళ్ళు. కంపెనీలో ఆర్.ఓ. శిక్షణకి చెన్నై వెళ్ళొచ్చింది ఆయనొక్కడే.

రెండేళ్ళ కిందట మేనేజరు ఉమాశంకర్ రిజిస్టరు తీసేసి ఒక యాప్ తెచ్చాడు. ఎవరి దగ్గర తక్కువ పనులు మిగిలి ఉన్నాయో లెక్క చూసి, కొత్త పనిని అది వాళ్ళకే ఇస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది. ఖాళీగా ఉన్నవాడికే కదా ఇవ్వాలి. కానీ యాప్ లెక్కపెట్టేది పనుల సంఖ్యని, వాటి బరువుని కాదు. కూర్మయ్య రెండు రోజులు పట్టే ఆర్.ఓ. మెంబ్రేన్ల (నీటిని వడగట్టే పొరల) మార్పిడిలో చేతులు పెట్టి ఉంటే, దానికి ఆయన దగ్గరున్నది ఒక్క పనే. సుహాసిని దగ్గర నాలుగు చిన్న పనులుంటే ఆమెకి నాలుగు. కాబట్టి అయిదోది కూర్మయ్యకి వెళ్ళేది. ఆ నాలుగింటినీ సుహాసిని మధ్యాహ్నానికల్లా ముగించేస్తే, ఆ క్షణం నుంచి కొత్తవన్నీ ఆమె మీదే వచ్చి పడేవి.

"బేగి సేస్తే ఇంకోటి ఇస్తాది. ఇదేటక్కా, పరిగెత్తినోడి నెత్తినే మూట పెడతన్నట్టు," అని ఒకరోజు సుహాసిని అంది.

గిరిబాబు అలా పరిగెత్తేవాడు కాదు. పని అయిపోయినా యాప్‌లో అయిపోయిందని నొక్కేవాడు కాదు. సాయంత్రం దాకా మూడు పనులు తెరిచే ఉంచేవాడు. ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. వంతుల కాలంలో ఒకరికొకరు ఫోనులో సాయం చేసుకున్నవాళ్ళు, ఇప్పుడు ఒకరి అంకె ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఈ ఏడాది జనవరిలో మూడో పద్ధతి వచ్చింది. పని ఏ రకమో చూసి, ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వడం. అందుకోసం ఎవరికి ఏమేం వచ్చో ఒక పట్టిక నింపమని ఉమాశంకర్ అనితకి చెప్పాడు. ఆర్.ఓ. గడి దగ్గర కూర్మయ్య పేరు రాశాక అనిత ఆగింది. సుహాసిని శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. చేరిన మొదటి ఏడాదంతా కూర్మయ్య వెంట తిరిగి ఆర్.ఓ. పనులు నేర్చుకుంది. సర్టిఫికెట్ మాత్రం లేదు. అయినా పని నేర్పినవాళ్ళు సరేనంటే పేరు రాయొచ్చని ఉమాశంకరే అన్నాడు.

"బాబాయ్, సుహాసినికి ఆర్.ఓ. వచ్చినట్టేనా? పేరు రాసేయనా?" అని అడిగింది.

కూర్మయ్య టీ తాగుతున్నాడు. గ్లాసులోకి చూస్తూ, "ఇంకా అవలేదమ్మా. కొన్నాళ్ళు పోనీ," అన్నాడు.

అనిత రాయలేదు.

మొదటి నెల కూర్మయ్య హుషారుగానే ఉన్నాడు. పెద్ద పనులన్నీ తన పేరు మీదే వచ్చేవి. ఆసుపత్రుల్లో డాక్టర్లు ఆయన్ని పేరు పెట్టి అడిగేవారు. మార్చి నాటికి ఆ హుషారు పోయింది. ఒక పని మధ్యలో ఉండగానే ఇంకో రెండు ఆయన కోసం కాచుకుని ఉండేవి, వాటిని ఎవరికీ మళ్ళించడానికి లేదు. భార్య తవిటమ్మకి కంటి ఆపరేషను చేయిస్తానని తేదీ తీసుకుని రెండుసార్లు వాయిదా వేశాడు. సుహాసినికి బ్యాటరీలు, వైర్లు, ఫ్యూజులు వచ్చేవి.

"నానిప్పుడు బ్యాటరీలమ్మాయిని. నేర్సుకున్నదంతా మర్సిపోతన్నాను," అంది ఆమె. కోపంగా కాదు, ఏదో నిజం చెబుతున్నట్టు అంది. అది వింటే అనితకి ఆ పట్టికలో తను ఖాళీగా వదిలిన గడి గుర్తొచ్చేది.

మే నెలలో ఒక సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. పలాస అవతల ఉద్దానంలో ఉన్న ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటరు నుంచి.

"ఆర్.ఓ. ఆగిపోనాదమ్మా. మోటారు ఆన్ సేస్తే క్షణంలో ఆరిపోతన్నాది. మంచాల మీద ఎనిమిది మందున్నారు. రక్తం వెనక్కి ఎక్కించీసి ఆపీసినాం. పదకొండున్నర బ్యాచి వాళ్ళు అప్పుడే వచ్చీసి కూకున్నారు," అన్నాడు సెంటరు ఇన్‌చార్జి ధర్మేంద్ర.

అనిత వివరం ఎక్కించింది. యాప్ ఒక్క క్షణం ఆలోచించి కూర్మయ్య పేరు చూపించింది. పక్కన ఆకుపచ్చ రంగులో 'అప్పగించబడింది' అని వచ్చింది. కూర్మయ్య ఆ సమయంలో గరివిడిలో ఉన్నాడు. అక్కడో ఆసుపత్రిలో డయాలసిస్ మిషను విప్పి ఉంది. దాని తర్వాత విజయనగరంలో ఇంకో పని. ఉద్దానం మూడోది. గరివిడి నుంచి అక్కడికి మోటారు సైకిల్ మీద మూడు గంటల పైమాటే.

సుహాసిని కోటబొమ్మాళిలో ఒక నర్సింగ్ హోములో ఇన్వర్టరు బ్యాటరీలు మారుస్తోంది. అక్కడినుంచి ఉద్దానం గంటకి మించదు. ఆర్.ఓ. ప్లాంట్లలో వేసే ఫిల్టర్లు ఆమె బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. కానీ ఆమె పేరు ఎదురుగా ఆ గడి ఖాళీ. యాప్ ఆమెని చూడదు.

అనిత ఉమాశంకర్‌కి ఫోను చేసింది. ఆయన విశాఖలో మీటింగులో ఉన్నాడు.

"ఇప్పుడే చూశాను, అప్పగించబడింది అనే ఉంది కదా," అన్నాడు.

"అప్పగించింది సార్, మనిషి వెళ్ళలేదు. సాయంత్రం దాకా వెళ్ళలేడు. సుహాసినిని పంపుతాను."

"సర్టిఫికెట్టూ లేదు, కూర్మయ్యా సరేననలేదు. అలాంటి మనిషిని ఆర్.ఓ. మీద పెడితే రేపేదైనా జరిగితే ఎవరు చెప్పాలి సమాధానం? నీళ్ళతో ఆట కాదమ్మా అది. యాప్ ఇచ్చింది మార్చొద్దు."

ఆయనన్నదాంట్లో తప్పు లేదని అనితకి తెలుసు. ఆ నీళ్ళు నేరుగా మనిషి రక్తానికి పక్కనే పారతాయి. ఫోను పెట్టేసింది. తర్వాత యాప్‌లో కూర్మయ్య పేరు తీసేసి సుహాసిని పేరు పెట్టింది. కారణం రాయమని అడిగితే 'దగ్గరలో ఉన్నారు' అని రాసింది. వెంటనే కూర్మయ్యకి ఫోను చేసి చెప్పింది.

"నన్ను అడక్కండానే తీసీసినావా?" అన్నాడు.

"నువ్వు సాయంత్రానికి గానీ రాలేవు బాబాయ్. వీడియో కాల్లో సుహాసినికి సెప్పు."

"సెప్తాన్లే," అని పెట్టేశాడు.

పదకొండింటికి సుహాసిని సెంటరులో ఉంది. ఫోనులో కూర్మయ్య గొంతు వింటూ ముందు గేజీలు చూసింది. లోపలికొచ్చే నీటి ఒత్తిడి దాదాపు సున్నా. నీళ్ళు చాలకపోతే మోటారు కాలిపోకుండా ఆపే స్విచ్చు దాన్ని ఆపేస్తోంది. మొదటి ఫిల్టరు విప్పితే ఎర్రటి మట్టి ముద్దలా ఊడొచ్చింది. బోరు ఎండిపోయి, తొమ్మిదింటికి టాంకరు తెప్పించి నీళ్ళు పోయించారట; ఆ మట్టినీళ్ళు లోపలికి రాగానే ఫిల్టరు పూడుకుపోయింది. కొత్త ఫిల్టరు వేసి ఆన్ చేస్తే మోటారు ఆగలేదు. నీటి శుద్ధి చూపించే మీటరు మంచి అంకె చూపించింది.

ఎదురు చూస్తున్నవాళ్ళలో ఒకామె చేతులు జోడించింది. ధర్మేంద్ర మంచాల వైపు కదలబోయాడు.

"ఉండండి. క్లోరిన్ సూడాలి," అంది సుహాసిని.

"పొద్దున్న ఆరింటికి సూసినాం. ఏమీ లేదు. రాసి పెట్టినాం కూడా."

"టాంకరు వచ్చింది తొమ్మిదింటికి కదా."

సరిగ్గా అప్పుడే గరివిడిలో డాక్టరు కూర్మయ్యని పిలిచినట్టున్నాడు. ఫోను కట్టయింది. సుహాసిని ఒక్కతే, క్లోరిన్‌ని పీల్చుకునే కార్బన్ ట్యాంకు తర్వాత ఉన్న కుళాయి కొంచెంసేపు వదిలి, చిన్న గాజుసీసాలో నీళ్ళు పట్టి, క్లోరిన్ ఉంటే రంగు తేల్చే పొడి వేసి కలిపింది. నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. మళ్ళీ పట్టింది. మళ్ళీ గులాబీ రంగే. టాంకరువాళ్ళు బ్లీచింగ్ బాగా దట్టించినట్టున్నారు. పాతబడిన కార్బన్ దాన్ని ఆపలేకపోతోంది. ఉండొచ్చన్నదానికి అయిదింతలు ఉంది.

"మీటరు బాగానే సూపిస్తంది కదా," అన్నాడు ధర్మేంద్ర.

"ఆ మీటరికి క్లోరిన్ తెలీదు. మెంబ్రేను కూడా దాన్ని ఆపదు. ఇది రక్తంలోకి ఎల్తే కణాలు పగిలిపోతాయి. మొదలెట్టకండి."

కార్బన్ మార్చాలని ఆమె అనితకి ఫోను చేసింది. స్టాకు శ్రీకాకుళం ఆఫీసులోనే ఉంది. ఆమె గొంతు వెనకాల కేకలు వినిపిస్తున్నాయి. బాగైపోయిందని చూసినవాళ్ళకి, మోటారు తిరుగుతుంటే ఎందుకు ఆపుతోందో అర్థం కావడం లేదు. పెద్దాయన్ని పంపకుండా ఈ గుంటని, ఇంత చిన్నపిల్లని ఎందుకు పంపారని ఎవరో అరుస్తున్నారు.

"నువ్వు గట్టిగా ఉండు. నేనొస్తన్నాను," అంది అనిత.

ఆఫీసు కారులో కార్బన్ బస్తాలు ఎక్కించేసరికి కూర్మయ్య గరివిడి నుంచి వచ్చేశాడు. అనిత ఫోను అందుకుని, అక్కడి మిషను బిగించి, విజయనగరం పని వదిలేసి వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. కారు నరసన్నపేట దాటింది.

"గులాబీ రంగు అన్నాదా?" అని కూర్మయ్య అడిగాడు.

"రెండుసార్లు చూసిందట."

"మొదలెట్టనివ్వలేదా?"

"లేదు. తిడుతున్నా నిలబడింది."

కూర్మయ్య కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ అన్నాడు: "జనవరిలో నువ్వడిగినావు, ఆ గుంటకి వచ్చా అని. వచ్చమ్మా. అప్పటికే వచ్చు. నానే రాదన్నాను."

అనిత ఆయన వైపు తిరిగింది.

"వంతులున్నప్పుడు నాను ఆరుగురిలో ఒకడ్ని. ఆ తర్వాత ఒక అంకెని. ఇరవై రెండేళ్ళ పనికి ఒక్కసారైనా నా పేరు ఏరుగా కనిపిస్తాది కదా అనుకున్నాను. ఇంకొకరి పేరు పక్కన సేరితే మళ్ళీ అదే గుంపు అనుకున్నాను." ముఖం తుడుచుకున్నాడు. "తర్వాత మోయలేకపోనాను. అప్పుడు సెప్పడానికి నోరు రాలేదు. సెప్తే నువ్వేటనుకుంటావో అని."

అనితకి కోపం వచ్చింది. అదే సమయంలో, గడిలో పేరు రాయకుండా వదిలింది తన చెయ్యే కదా అనిపించింది. ఆయన్ని ఒక్కమాట అడిగి ఊరుకుంది. సుహాసినిని అడగనే లేదు.

వాళ్ళు వెళ్ళేసరికి రెండయింది. సెంటరు వసారాలో బల్ల మీద దేముడమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. ఆదివారం సెలవు కలిసి ఆమెకి డయాలసిస్ జరిగి మూడు రోజులైంది. ఒళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, కొడుకు ధనరాజు భుజానికి ఆనుకుని గస పెడుతోంది. ధర్మేంద్ర ఆంబులెన్సుని పిలిపించాడు. టెక్కలిలో ఒక మంచం ఖాళీ ఉందన్నారు. ఎక్కించేటప్పుడు ధనరాజు అనిత వైపు తిరిగాడు.

"పొద్దున్నే తెలిసినవాళ్ళని పంపితే ఇంత దాకా వచ్చేదేటి?"

తెలిసిన మనిషినే పంపామని అనిత చెప్పబోయింది. ఆ మాట నిజమే. కానీ ఆ మనిషికి తెలుసని కాగితం మీద లేకపోబట్టే అరగంట పోయింది. కార్బన్ పాతబడిందని మూడు నెలల కిందటే ఎవరో ఒకరు చూడాల్సింది. ఆ తనిఖీ కూడా కూర్మయ్య పేరు మీదే పెండింగులో ఉంది. ఆమె కారు వైపు తిరిగి బస్తాలు దింపించసాగింది.

లోపల సుహాసిని అప్పటికే టాంకరు నీళ్ళున్న టాంకు ఖాళీ చేయించి, కార్బన్ ట్యాంకు విప్పి ఉంచింది. పక్క ఊరి బోరు నుంచి నీళ్ళు వస్తున్నాయి. కూర్మయ్య చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏటి సెయ్యమంటావు?" అని అడిగాడు.

సుహాసిని ఆయన వైపు వింతగా చూసింది. తర్వాత, "బస్తా విప్పు బాబాయ్," అంది.

కార్బన్ నింపి, నల్లనీళ్ళు తేటపడేదాకా కడిగి, మూడుసార్లు పరీక్ష చేసి, మూడుసార్లూ రంగు మారలేదని చూసుకున్నాక అయిదున్నరకి మిషన్లు మొదలయ్యాయి. మిగిలిన వాళ్ళందరికీ ఆ సాయంత్రం జరిగింది. దేముడమ్మ టెక్కలిలో నాలుగు రోజులుండి ఇంటికి వచ్చింది. ధనరాజు మళ్ళీ ఆ సెంటరుకి తీసుకెళ్ళలేదని తర్వాత తెలిసింది. తల్లిని వారానికి మూడుసార్లు టెక్కలి దాకా తీసుకెళ్ళడానికి పని మానుకుంటున్నాడట.

బుధవారం ఉమాశంకర్ వచ్చాడు. అనితకి ఒక మెమో, సుహాసినికి ఒక మెమో. కూర్మయ్య మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల ఏం మాట్లాడాడో గానీ, బయటికొచ్చాక సుహాసిని మెమో వెనక్కి తీసుకున్నారు. అనితది మాత్రం ఫైల్లో ఉండిపోయింది.

"సరే, నువ్వయితే ఎలా పంచుతావో రాసివ్వు," అని ఉమాశంకర్ అనితతో అన్నాడు. ఎత్తిపొడుపో, నిజంగా అడుగుతున్నాడో ఆమెకి తెలియలేదు. అయినా రాసింది. ముందు పని తెలిసినవాళ్ళెవరో చూడాలి. ఆ తెలిసినవాళ్ళలో ఎవరి చేతిలో తక్కువ గంటలు మిగిలి ఉన్నాయో చూడాలి, పనుల సంఖ్య కాదు, ప్రయాణం కూడా కలిపి గంటలు. ఇద్దరూ సమానమైతే వంతు. చిన్న పనులన్నీ, సీనియరు జూనియరు అని లేకుండా అందరికీ వంతులే. వారానికొకసారి తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళ వెంట వెళ్ళి నేర్చుకోవాలి. ఎవరికేం వచ్చో రాసేటప్పుడు వాళ్ళనీ అడగాలి.

చివరి రెండూ తప్ప మిగతావన్నీ కంపెనీ ఒప్పుకుంది. ఒక పనికి ఇద్దర్ని పంపడం కుదరదన్నారు, ఎవరికేం వచ్చో సర్టిఫికెట్టే చెబుతుందన్నారు. సుహాసినిని మాత్రం జూన్‌లో చెన్నై శిక్షణకి పంపారు.

ఆమె తిరిగొచ్చిన రెండో వారంలో ఆర్.ఓ. పనులు మూడు ఒక్కసారే వచ్చాయి. గంటల లెక్క చూసి యాప్ రెండు ఆమెకి, ఒకటి కూర్మయ్యకి ఇచ్చింది. మధ్యాహ్నం పార్వతీపురం నుంచి ఆమె ఫోను చేసింది.

"అక్కా, అన్నం తినలేదు. ఇంకోటి, మూడోది పడినాది సూసినావా? బాబాయి ఇన్నాళ్ళు ఎలా లాగినాడో," అంది. "బ్యాటరీలయితే తిండికైనా టైముండేది," అని నవ్వబోయి ఊరుకుంది.

కూర్మయ్య ఆ రోజు నాలుగింటికే ఆఫీసుకి వచ్చాడు. తవిటమ్మకి కన్ను ఆపరేషను అయిందని, కట్టు విప్పారని చెప్పాడు. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు. కుర్చీలో కూర్చుని ఫోను తీసి చూసుకున్నాడు, పక్కన పెట్టాడు, మళ్ళీ తీశాడు.

ఆఫీసు ఫోను మోగింది. ఒక ఆసుపత్రి నుంచి, ఆర్.ఓ. పని.

"కూర్మయ్య గారే రావాలమ్మా," అన్నారు అవతల.

అనిత వివరం ఎక్కించింది. గంటల లెక్కలో సుహాసినికి పార్వతీపురంలోనే ఇంకా మూడు గంటల పని మిగిలి ఉంది. యాప్ కూర్మయ్య పేరే చూపించింది. ఆమె తలెత్తింది.

"బాబాయ్, వెళ్తావా?"

ఇదివరకు ఎవరూ ఆయన్ని అలా అడగలేదు. పని వచ్చేది, ఆయన వెళ్ళేవాడు. కూర్మయ్య బ్యాగు తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ గుంటకి ఫోను సెయ్యి. దాని పేరునున్న మూడోది కూడా నాను సూసుకుంటానని సెప్పు. ముందు తినమను," అని మెట్లు దిగాడు.

యాప్‌లో ఆ పనిని సుహాసిని నుంచి కూర్మయ్యకి మార్చాలంటే మళ్ళీ కారణం రాయాలి. అనిత ఆ గడి తెరిచి, ఏం రాయాలో తోచక, దాన్ని అలాగే ఉంచి ముందు సుహాసినికి ఫోను చేసింది.